జర్మన్ అతిథికి చెప్పాల్సింది జర్మనీ గురించి కాదు, మీ ఇంటి గురించి

ప్రశ్న: మేం బ్లాక్ ఫారెస్ట్‌లో, ఫ్రాయిడెన్‌ష్టట్ పక్కన బాయర్స్‌బ్రోన్‌లో ఇల్లు కొన్నాం. కింది పోర్షన్‌ని ఫేరియెన్‌వోనుంగ్‌గా, అంటే సెలవులకు వచ్చేవాళ్లకి అద్దెకి ఇద్దామని ఉంది. జూన్‌లో మొదటి బుకింగ్, జర్మన్ కుటుంబం. లోపల పెట్టడానికి గేస్టెమాప్పె, అంటే అతిథుల ఫైలు, జర్మన్‌లో రాయాలి. నా జర్మన్ బీ1 స్థాయి. హౌస్ రూల్స్ రాయడం మొదలుపెడితే 31 వచ్చాయి. చూపిస్తే మా ఆవిడ భయపడింది. ఎలా రాయాలి, ఏం రాయాలి, ఏం వదిలేయాలి?

సమాధానం:

మీ ఆవిడ భయపడిందంటే ఆ ఫైలు గురించి సగం విషయం చెప్పేసినట్టే. నేను కూడా ఇదే ప్రాంతంలో తొమ్మిదేళ్లుగా ఒక చిన్న పోర్షన్ నడుపుతున్నాను. నా మొదటి ఫైలు పందొమ్మిది పేజీలు. కిటికీలు ఎప్పుడు తెరవాలి, పేపర్ చెత్త ఏ డబ్బాలో వేయాలి, ఆదివారం డ్రిల్లింగ్ ఎందుకు చేయకూడదు, అన్నీ రాశాను. పక్కింట్లో రిటైరైన స్కూల్ టీచర్ ఒకావిడ ఉంటారు. ఆవిడకి చదవమని ఇస్తే ఎర్ర పెన్నుతో తప్పులు దిద్ది, చివర్న ఒక్క మాట అన్నారు: "ఇదంతా మాకు మా అమ్మ నేర్పింది. కాఫీ ఫిల్టర్లు ఎక్కడున్నాయో మాత్రం ఎక్కడా లేదు."

అప్పుడు అర్థమైంది నేను చేసిన పొరపాటు. ఈ దేశానికి వచ్చిన కొత్తలో నేను ఏవేవి కష్టపడి నేర్చుకున్నానో వాటినే రాశాను. కానీ చదివేది హాంబుర్గ్ నుంచో కొలోన్ నుంచో వచ్చిన మనిషి. అతనికి చెత్త వేరు చేయడం, చలికాలంలో ఐదు నిమిషాలు కిటికీలు బార్లా తెరవడం పుట్టుకతో వచ్చినట్టే. అతనికి తెలియనివి: మీ ఇంట్లో ఆ డబ్బాలు ఎక్కడున్నాయి, ఏ కిటికీ పిడి గట్టిగా తిప్పితే ఊడి వస్తుంది, ఆ ఊళ్లో ఆదివారం రొట్టె ఎక్కడ దొరుకుతుంది. మీ 31 రూల్స్ ముందు పెట్టుకుని ఒక్కో దానికి "ఇది జర్మనీ గురించా, మా ఇంటి గురించా, మా ఊరి గురించా?" అని అడగండి. మొదటి రకం కొట్టేయండి. నాకైతే పందొమ్మిది పేజీలు ఏడయ్యాయి.

రాయడానికి ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. రూల్స్‌లో రెండు జాతులున్నాయి, ఇంటికొచ్చాక చదివితే సరిపోయేవి, ముందే తెలియాల్సినవి. పెంపుడు జంతువులు వద్దు, లోపల సిగరెట్ వద్దు, నలుగురి కంటే ఎక్కువ మంది ఉండకూడదు, చెక్ అవుట్ పది గంటలకు, ఇలాంటివి అతిథి డబ్బు కట్టక ముందే చూసి ఉండాలి. బుకింగ్ పేజీలో, మీరు పంపే కన్ఫర్మేషన్‌లో ఉండాలి. కారు దిగి సామాను లోపల పెట్టాక మొదటిసారి ఫైల్లో "కుక్కలు నిషేధం" అని కనిపిస్తే అది ఒప్పందంలో భాగమని వాదించడం జర్మనీలో చాలా కష్టం. ఒప్పందం కుదిరే వేళకి ఎదుటివాడికి షరతులు చూసే అవకాశం ఇవ్వాలని ఇక్కడి సివిల్ చట్టమే చెబుతుంది. అదే కారణంగా "ఆలస్యమైతే 50 యూరోల జరిమానా" లాంటి వాక్యం ఫైల్లో రాస్తే మీ చేతికి ఏమీ రాదు, రివ్యూలో ఒక చుక్క మాత్రం పోతుంది. ఫైల్లో ఆ రూల్స్‌ని గుర్తు చేస్తే చాలు, అదీ రెండు వాక్యాల్లో.

ఇక భాష. బీ1 సరిపోతుంది, చిన్న వాక్యాలు రాసే ధైర్యం ఉంటే చాలు. అతిథులకి "జీ", అంటే "మీరు" అని మర్యాదగా రాయండి. "డూ", అంటే "నువ్వు" అని రాసే యువ ఓనర్లు ఉన్నారు, కానీ అరవై దాటిన జంటలు ఎక్కువగా వచ్చే మన లోయలో "జీ"యే సురక్షితం. ఏది ఎంచుకున్నా చివరి దాకా అదే ఉండాలి. నా మొదటి ఫైల్లో స్వాగతం "జీ"తో మొదలై, వాషింగ్ మెషిన్ దగ్గరకొచ్చేసరికి "డూ" అయిపోయింది. "మీరు దయచేయండి, గిన్నెలు కడుగు" అన్నట్టుంది.

"మీరు" అనే అర్థంలో "జీ" ఎప్పుడూ పెద్ద ఎస్ అక్షరంతో మొదలవ్వాలి. "మీ" అనే "ఈర్", "మీకు" అనే "ఈనెన్" కూడా పెద్ద ఐతోనే. చిన్న అక్షరంతో రాస్తే అది "ఆమె" లేదా "వాళ్లు" అయిపోతుంది. "మీ రాక కోసం ఎదురుచూస్తున్నాం" అని రాయబోయి "వాళ్ల రాక కోసం" అని రాసినట్టు. మనకి కంటికి ఆనదు, వాళ్లకి మొదటి లైన్లోనే తెలిసిపోతుంది. ఇంకొకటి, "లీబె గేస్టె" (ప్రియమైన అతిథులారా) అని రాసి కామా పెట్టాక, కింది లైన్ చిన్న అక్షరంతో మొదలవుతుంది. ఇంగ్లిష్ ఉత్తరాల అలవాటుతో మనం పెద్ద అక్షరం వేస్తాం. ఇది చిన్న తప్పే, కానీ ఫైల్లో మొట్టమొదటి తప్పు అవుతుంది.

జర్మన్ పదాలు మన సమాసాల్లాంటివి, కలిపే రాయాలి. చెత్తబుట్టని "చెత్త బుట్ట" అని మనం విడదీసినా ఎవరూ ఏమీ అనరు. అక్కడ "మ్యుల్" ఒక చోట "ఐమర్" ఒక చోట రాస్తే అది వాళ్లకి నవ్వులాట, దానికో వెక్కిరింపు పేరు కూడా ఉంది. స్పెల్ చెక్ చాలాసార్లు పట్టుకోదు, ఎందుకంటే విడివిడిగా రెండూ సరైన పదాలే.

స్వరం గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, అసలు కష్టం అక్కడే ఉంది. మన తెలుగులో "చేయండి" అంటే మర్యాద దానంతటదే వచ్చేస్తుంది. జర్మన్‌లో ఆజ్ఞ రూపం ఒంటరిగా పెడితే మిలటరీ బ్యారక్‌లా ఉంటుంది. అలా అని ప్రతి వాక్యానికి ముందు "బిట్టె" (దయచేసి) తగిలిస్తే ఇరవయ్యోసారికి దానికి అర్థం పోయి, విసుగ్గా వినిపిస్తుంది. నాకు నేర్పిన టీచరు గారి సూత్రం ఇది: ఆజ్ఞ ఇవ్వాల్సిన చోట కారణం ఇవ్వు. కారణం తెలిస్తే జర్మన్ అతిథి ఎంత కష్టమైన రూల్ అయినా పాటిస్తాడు, తెలియకపోతే మీరు అహంకారి అనుకుంటాడు.

నా పాత ఫైల్లో వెళ్లే రోజు పేజీని ఉదాహరణగా తీసుకుందాం. అందులో ఉన్నది, తెలుగులో చెప్పాలంటే: "పది గంటలకు ఖాళీ చేయాలి. గిన్నెలన్నీ కడగాలి. చెత్త తీసేయాలి. దుప్పట్లు తీసి మడవాలి. నేల తుడవాలి. తాళం పోతే డబ్బు కట్టాలి." ప్రతిదీ "మ్యుస్సెన్", అంటే "తప్పనిసరి". పైగా అతిథి దగ్గర చివరి క్లీనింగ్‌కి విడిగా డబ్బు తీసుకున్నాను. "క్లీనింగ్‌కి 60 యూరోలు కట్టి, నేల కూడా నేనే తుడవాలా?" అని ఒకాయన రివ్యూలో రాశాడు. ఆయన రాసినదాంట్లో తప్పేమీ లేదు.

ఇప్పుడు ఆ పేజీ ఇలా మొదలవుతుంది: "అమ్ ఆబ్‌రైజెటాగ్ బిట్టెన్ వీర్ జీ, డీ వోనుంగ్ బిస్ 10 ఊర్ ట్సు ఫెర్లాస్సెన్, డామిట్ వీర్ జీ ఇన్ రూహె ఫోర్‌బెరైటెన్ క్యోన్నెన్." అంటే, బయల్దేరే రోజు పది గంటలకల్లా ఇల్లు ఖాళీ చేయమని కోరుతున్నాం, మేం తీరిగ్గా సిద్ధం చేసుకోవడానికి వీలుగా. ఇందులో పనిచేసే మాట "డామిట్", కారణాన్ని మోసుకొచ్చేది అదే. సరదా ఏంటంటే ఆ వాక్యంలో "జీ" రెండుసార్లు ఉంది. మొదటిది అతిథి కాబట్టి పెద్ద ఎస్, రెండోది ఇల్లు కాబట్టి చిన్న ఎస్. ఇందాక చెప్పిన అక్షరం గొడవంతా ఒకే లైన్లో. "బిట్టెన్" అనే మాటతోనూ జాగ్రత్త. మధ్యలో ఒక టీ పోయి దాని బదులు ఇ పడి "బీటెన్" అయితే కోరడం పోయి ఇవ్వజూపడం అవుతుంది.

తరువాతి వాక్యం: డిష్‌వాషర్‌లో గిన్నెలు పెట్టి ఆన్ చేస్తే చాలు, ఖాళీ చేసేది మేమే. ఆ తరువాత, నాకు బాగా ఇష్టమైన వాక్యం: "డీ బెట్టెన్ బ్రౌహెన్ జీ నిష్ట్ ఆబ్‌ట్సుట్సీయెన్", పక్కల మీద దుప్పట్లు మీరు తీయక్కర్లేదు. చేయాల్సిన పనుల మధ్య చేయక్కర్లేనిది ఒకటి చెబితే పేజీ మొత్తం మెత్తబడుతుంది. ఎప్పుడూ ఒకటైనా పెట్టండి. నేల గురించి "బేజెన్‌రైన్" అనే ఒక్క మాట చాలు. చీపురుతో ఊడ్చినంత శుభ్రం అని అర్థం, అద్దె ఒప్పందాల్లో వాడే మాట, ప్రతి జర్మన్‌కీ తెలుసు. తడిగుడ్డ వేయాలని ఆ మాటకి అర్థం కాదు, మీరూ ఆశించకండి. చివరగా తాళం వంటగది బల్ల మీద పెట్టి వెళ్లమని, ప్రయాణం క్షేమంగా సాగాలని. మొత్తం ఐదు వాక్యాలు.

ఏదైనా పగిలితే ఏం చేయాలన్నది కూడా ఈ పేజీలోనే పెట్టండి. "నష్టపరిహారం కట్టాలి" అని రాస్తే పగిలిన గ్లాసు అల్మారా వెనక్కి వెళ్లిపోతుంది. "ఏదైనా పగిలితే మాకొక మాట చెప్పండి, తరువాత వచ్చేవాళ్లకి గాజు ముక్క గుచ్చుకోకుండా చూసుకుంటాం" అని రాసినప్పటి నుంచి నాకు ఫోన్లు వస్తున్నాయి. చాలామంది జర్మన్ల దగ్గర ప్రైవేట్ హాఫ్ట్‌ఫ్లిష్ట్, అంటే ఇతరులకి చేసిన నష్టాన్ని భరించే ఇన్సూరెన్స్ ఉంటుంది. సిరామిక్ పొయ్యి గాజు పలక పగిలినా, తాళం పోయినా, పాలసీలో అది ఉంటే వాళ్లే ఫామ్ నింపి పంపుతారు. మనం భయపెట్టనంత వరకు.

చెత్త సంగతి. "చెత్త వేరు చేయండి" అన్న పాఠం కొట్టేయమన్నాను కదా, చెత్త పేజీ కొట్టేయమనలేదు. డబ్బాల రంగులు జర్మనీ అంతా ఒకేలా ఉండవు. ఒక జిల్లాలో పేపర్‌కి నీలం, ఇంకో జిల్లాలో ఆకుపచ్చ. ప్యాకింగ్ చెత్తకి కొన్ని చోట్ల పసుపు డబ్బా, కొన్ని చోట్ల పసుపు సంచీ. మీ పెరట్లో నిజంగా ఉన్న డబ్బాల ఫోటో తీసి, ఒక్కో దాని పక్కన ఒక్క పదం రాయండి. సంచీ అయితే, ఆ చుట్ట ఏ సొరుగులో ఉందో చెప్పండి. ఏ రోజు ఏ డబ్బా రోడ్డు మీదకి వెళ్లాలో అతిథికి వదిలేయకండి. వారం రోజులు ఉండేవాడికి చెత్త క్యాలెండర్ ఇవ్వడం శిక్ష. అది మీ పనే. ఒకవేళ మీరు ఊళ్లో లేని వారమైతే ముందు రోజు మెసేజ్ పెట్టి అడగండి.

గాజు సీసాలకి ఇంటి దగ్గర డబ్బా ఉండదు, ఊళ్లో కంటైనర్లుంటాయి. అవి ఎక్కడున్నాయో, ఏ వేళల్లో వేయొచ్చో రాయండి. వేళలు కంటైనర్ మీదే రాసి ఉంటాయి, ఆదివారం మాత్రం వేయకూడదు. వెళ్లే రోజు ఆదివారమైన అతిథికి ఇది నిజంగా ఇబ్బంది. అందుకే నా ఫైల్లో "సీసాలు మెట్ల కింది బుట్టలో వదిలేయండి, మేం చూసుకుంటాం" అని ఉంటుంది. డిపాజిట్ సీసాలు, అంటే తిరిగిస్తే డబ్బు వెనక్కి వచ్చేవి, వేరే కథ. టిన్నుకీ, వాడి పారేసే ప్లాస్టిక్ సీసాకీ 25 సెంట్లు, మామూలు బీరు సీసాకి 8 సెంట్లు. వాటిని ఏ సూపర్‌మార్కెట్ మెషిన్‌లో వేయాలో అతిథికి తెలుసు, వేయడానికి టైమ్ ఉండదు. వదిలేసి వెళ్లినవి పక్కింటి పిల్లలకి పాకెట్ మనీ అవుతాయని నేను ఒక లైన్ రాశాను. అందరూ ఆ లైన్ చదివి నవ్వుకుంటారు, సీసాలు మాత్రం వరసగా పేర్చి పెట్టి వెళ్తారు.

గాలి, వేడి. కిటికీలు తెరవడం వాళ్లకి తెలుసు. కానీ మీది కింది పోర్షన్, బహుశా కొండ వాలులో సగం నేలలోకి ఉంటుంది. అలాంటి గదుల్లో వేసవిలో తలకిందులైన సమస్య వస్తుంది. బయట గాలి వేడిగా, తేమగా ఉంటే, మధ్యాహ్నం కిటికీ తెరిచినప్పుడు ఆ తేమ చల్లటి గోడల మీద నీరై పేరుకుని, మూలల్లో బూజు పడుతుంది. ఇంట్లో ఎప్పుడూ గాలి ఆడాలనుకునే మంచి జర్మన్ అతిథే తెలియకుండా ఈ పని చేస్తాడు. కాబట్టి రాయాల్సింది "కిటికీలు తెరవండి" అని కాదు. "ఈ గదులు కొండలోకి ఉన్నాయి, వేసవిలో ఉదయం, రాత్రి చల్లగా ఉన్నప్పుడు మాత్రమే తెరవండి" అని. ఇది మీ ఇంటి గురించిన మాట. దీన్ని వాళ్లు ఆసక్తిగా చదువుతారు. రేడియేటర్ మీద నంబర్ 3 అంటే దాదాపు 20 డిగ్రీలని రాయక్కర్లేదు, స్నానాల గది రేడియేటర్ వేడెక్కడానికి అరగంట పడుతుందని రాయండి. అప్పుడు రాత్రి పదింటికి మీకు ఫోన్ రాదు.

ఇక్కడే ఒక మాట. మన తెలుగు స్నేహితులు కూడా వచ్చి ఉంటారు, పప్పులో తిరగమోత పెడతారు. మీ చిమ్నీ గాలిని బయటికి పంపేదా, ఫిల్టర్‌లో తిప్పి మళ్లీ గదిలోకే వదిలేదా చూసుకోండి. నాది రెండో రకం. ఎండుమిర్చి పొగకి పడకగది స్మోక్ అలారం మోగి, పక్కింటి టీచరు గారు నైట్‌గౌన్‌లోనే వచ్చేశారు. అప్పటి నుంచి వంటగది తలుపు మూసి కిటికీ తెరవమన్న లైన్ జర్మన్‌లోనూ తెలుగులోనూ ఉంది.

నిశ్శబ్ద వేళలు ఒక్క వాక్యంలో తేల్చేయండి. రాత్రి 22 నుంచి ఉదయం 6 దాకా నిశ్శబ్దం అందరికీ తెలుసు. మధ్యాహ్నం నిశ్శబ్దం దేశమంతా ఉన్న చట్టం కాదు, ఊరిని బట్టి ఉంటుంది, కాబట్టి ఎక్కడో చదివి రాయకండి. మీ ఇంట్లో ప్రత్యేకమైనది ఏదైనా ఉంటేనే చెప్పండి. "మేం పైనే ఉంటాం, చెక్క నేల, మా అబ్బాయి ఆరున్నరకి లేచి పరిగెడతాడు, క్షమించండి" అని ముందే రాస్తే, అతిథి మీ శబ్దాన్ని కూడా భరిస్తాడు. రూల్ రెండు వైపులా ఉందని కనిపించాలి.

మొదటి పేజీలో స్వాగతం నాలుగు లైన్లు మించకుండా రాసి, దాని వెనకే వైఫై, అత్యవసర నంబర్లు పెట్టండి. వైఫైకి రూటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ విడిగా పెట్టండి, మీ ల్యాప్‌టాప్ ఫైళ్లు అతిథి ఫోన్‌కి కనబడకుండా. ఫ్రిట్స్‌బాక్స్ రూటర్ ఉంటే బ్రౌజర్‌లో `fritz.box` అని కొట్టి `WLAN`, దాని కింద `Gastzugang` తెరిస్తే చాలు. క్యూఆర్ కోడ్ అక్కడే ప్రింట్ తీసుకోవచ్చు. పాస్‌వర్డ్‌ని అక్షరాల్లో కూడా రాయండి, సున్నా, ఓ అక్షరం లేకుండా. కళ్లద్దాలు మర్చిపోయిన తాతగారు తప్పకుండా ఒకరు వస్తారు.

అత్యవసర పేజీలో అందరూ 112 రాస్తారు, ఇంటి అడ్రస్ మర్చిపోతారు. ఫోన్లో "ఎక్కడున్నారు?" అని అడిగితే అతిథికి మీ వీధి పేరు గుర్తుండదు, నావిగేషన్ చెప్పిన దారిన వచ్చాడంతే. అందుకే పేజీ పైన పెద్ద అక్షరాల్లో వీధి, ఇంటి నంబర్, పిన్ కోడ్, ఊళ్లో ఏ పేట, ఇంటికి చేరే గుర్తు. బాయర్స్‌బ్రోన్ ఒక్క ఊరు కాదు, లోయల వెంట చెదిరిన పల్లెల గుంపు, కాబట్టి పేట పేరు తప్పనిసరి. దాని కింద ఫైర్, అంబులెన్స్‌కి 112, పోలీసులకి 110, ప్రాణాపాయం లేని జబ్బుకి రాత్రుళ్లు, ఆదివారాలు డాక్టర్ దొరికే 116117. శరదృతువులో అతిథులు అడవిలో పుట్టగొడుగులు ఏరుకొస్తారు. అందుకని విషప్రభావం గురించి సలహా ఇచ్చే ఫ్రైబుర్గ్ కేంద్రం నంబర్ 0761 19240 కూడా రాసి పెట్టాను. ఇంట్లో ఏ మూల ఫోన్ సిగ్నల్ అందుతుందో కూడా చెప్పండి. మా ఇంట్లో స్నానాల గది కిటికీ దగ్గర మాత్రమే.

ఇప్పుడు ఊరి కబుర్లు. అతిథులు నిజంగా పేజీలు తిప్పి చదివేది ఇదే. ఇక్కడ నేను తిన్న దెబ్బ చెబుతాను. "బేకరీకి నడిచి ఐదు నిమిషాలు" అని రాశాను. మా ఆయన నడకకి అది నిజం. ఒకావిడ కొలిచి, "పద్నాలుగు నిమిషాలు, చివరి భాగం ఎక్కుడు" అని రాసింది. అప్పటి నుంచి అన్ని దూరాలూ మా అత్తగారి నడకతో కొలిచి రాస్తున్నాను, ఎక్కడ ఎక్కుడు ఉందో కూడా.

అన్నిటికంటే ముఖ్యం సెలవు రోజులు. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయని వాళ్లకి తెలుసు. కానీ సెలవులు రాష్ట్రానికో రకం. జనవరి 6, ఫ్రోన్‌లైష్నామ్ అనే క్రైస్తవ పండుగ గురువారం, నవంబర్ 1, ఈ మూడూ మన బాడెన్-వ్యుర్టెంబెర్గ్‌లో సెలవు. హాంబుర్గ్‌లో, లోయర్ సాక్సనీలో సెలవు కాదు. అక్కడి నుంచి అక్టోబర్ 31 రాత్రి వచ్చిన కుటుంబానికి తెల్లారితే అన్నీ మూసి ఉంటాయని ఊహే ఉండదు. పైగా అక్టోబర్ 31 వాళ్లకి సెలవు, మనకి కాదు. అంటే వాళ్లు అన్నీ మూసి ఉంటాయనుకునే రోజు ఇక్కడ తెరిచి, తెరిచి ఉంటాయనుకునే రోజు మూసి. ఈ విషయం ఫైల్లో కంటే, వాళ్లు రావడానికి మూడు రోజుల ముందు పంపే మెయిల్‌లో ఉండాలి. ఆ వారం సెలవు ఉంటే ఫ్రిజ్‌లో పాలు, వెన్న, పొయ్యి పక్కన రొట్టె పెట్టేస్తాను. బేకరీలో చిన్న గుండ్రటి రొట్టెని బ్ర్యోట్‌షెన్ అని అడిగినా ఇస్తారు, కానీ ఇక్కడ దాన్ని వెక్లె అంటారని రాయండి. ఉత్తరాది పిల్లలు ఆ మాట పట్టుకుని వారమంతా ఆడుకుంటారు.

రెండోది గెస్ట్ కార్డ్. బాయర్స్‌బ్రోన్ కోనుస్ అనే ఉచిత ప్రయాణ పథకంలో ఉన్న ఊరు. అతిథి కట్టే కూర్‌టాక్సె అనే పర్యాటక పన్నుకి బదులుగా, కార్డు చూపిస్తే బ్లాక్ ఫారెస్ట్ బస్సులు, లోకల్ రైళ్లు రెండో తరగతిలో ఉచితం. పరిధి ఉత్తరాన కార్ల్స్‌రూహె నుంచి దక్షిణాన బాజెల్ దాకా. దీన్ని కేవలం "ఉచిత ప్రయాణం" అని రాస్తే గొడవ వస్తుంది. ఐసీఈ లాంటి దూరపు రైళ్లలో చెల్లదని, స్టుట్‌గార్ట్ పరిధిలో లేదని, ఇక్కడికి చేరాకే కార్డు చేతికొస్తుంది కాబట్టి వచ్చే దారికి టికెట్ కొనుక్కోవాలని, ఈ మూడూ రాయండి. కార్డు ఇచ్చేది మీరే, ఊరి టూరిజం ఆఫీసు సిస్టమ్‌లో అతిథుల వివరాలు ఎక్కించి. 2025 జనవరి 1 నుంచి జర్మన్ పౌరులకి చట్టప్రకారం రిజిస్ట్రేషన్ ఫామ్ అక్కర్లేదు, విదేశీయులకి ఉంది. కానీ పన్ను కోసం ఊరి నిబంధన ప్రకారం వివరాలు ఇవ్వాల్సిందే. అతిథి "అది రద్దయింది కదా?" అంటే ఏం చెప్పాలో మీకు తెలిసి ఉండాలి, అందుకే చెప్పాను.

చూడదగ్గ చోట్లు పాతిక రాయకండి, కరపత్రాలు టూరిజం ఆఫీసులో ఉచితంగా దొరుకుతాయి. నాలుగు రాయండి, ఒక్కోటి ఏ రోజుకి పనికొస్తుందో చెబుతూ. నాది ఇలా ఉంటుంది. వచ్చిన రోజు సాయంత్రానికి జాంకెన్‌బాఖ్ జలపాతం. పైన చెక్క తలుపు లాంటిది ఉంటుంది, నీళ్లు ఆపి ఒక్కసారిగా వదలొచ్చు, పైన పిల్లలు వదిలితే కింద నాన్న తడుస్తాడు. కాళ్లు నొప్పి ఉన్న రోజుకి బీ500 రోడ్డు పక్కన లోథర్ బాట. 1999 డిసెంబర్ 26న లోథర్ తుఫాను కూల్చిన అడవిని అలాగే వదిలేసి, మధ్యలోంచి చెక్క మెట్లు వేశారు. ఒక కిలోమీటరు కూడా ఉండదు. వర్షం రోజుకి రూహెష్టైన్‌లోని నేషనల్ పార్క్ కేంద్రం. ఎండ రోజుకి ముమ్మెల్‌జే సరస్సు, కానీ పది గంటల్లోపు వెళ్లాలి, తరువాత పార్కింగ్ దొరకదు. కుక్కతో వచ్చేవాళ్లుంటే నేషనల్ పార్క్‌లో కుక్కకి గొలుసు తప్పనిసరని ఒక లైన్. ఇక హోటళ్ల గురించి: బాయర్స్‌బ్రోన్‌కి మిషెలిన్ మూడు నక్షత్రాల రెస్టారెంట్ల పేరుంది, అతిథులు అడుగుతారు. కానీ వాళ్లకి రోజూ కావల్సింది మంగళవారం కూడా తెరిచి ఉండే మామూలు గాస్ట్‌హౌస్, అంటే ఊరి భోజనశాల. ఏది ఏ రోజు మూస్తారో పెన్సిల్‌తో రాయండి, ఏడాదిలో మూడుసార్లు మారుతుంది.

ముద్రణ గురించి ఎక్కువ చెప్పను. ప్లాస్టిక్ కవర్లున్న రింగ్ ఫైలు, 12 కంటే చిన్నది కాని అక్షరాలు, టైమ్ ఎప్పుడూ 24 గంటల లెక్కలో. మెషిన్ల వివరాలు ఫైల్లో కాకుండా ఆ మెషిన్ మీదే చిన్న స్టిక్కర్‌గా అంటించండి, డిష్‌వాషర్ ముందు నిలబడ్డవాడు హాల్లోకి వచ్చి పేజీ వెతకడు. అనువాద యాప్‌తో రాస్తే రాయండి, కానీ ఒక జర్మన్ పొరుగువారితో చదివించకుండా ప్రింట్ తీయకండి. వాళ్లని "తప్పులున్నాయా?" అని అడిగితే మర్యాదకి లేవంటారు. "ఇది చదివి మీరు ఈ ఇంట్లో ఒక కాఫీ పెట్టుకోండి" అని అడగండి. వాళ్లు ఎక్కడ ఆగిపోతారో చూడండి. మా టీచరు గారు ఫిల్టర్లు దొరక్క ఆగారు. అన్నట్టు, ఆ కాఫీ మెషిన్‌కి 4వ నంబర్ ఫిల్టర్ కావాలి. ఒక ప్యాకెట్ కొని పెట్టండి, రొట్టె కోసే పళ్ల కత్తి, గుడ్డు పెట్టుకునే చిన్న కప్పులు కూడా. మన వంటింట్లో ఆ మూడూ ఉండవు కాబట్టి మనకి గుర్తురావు.